వ్యాసమున ఖండికావిభజనము: కొలకలూరు నామవిచారము నిదర్శనముగా

పరిశోధన వ్యాసములను పరీక్షించువారికి తఱచుగ ఎదురగు దోషములలో దీర్ఘఖండిక యొకటి. ఖండిక యనగా వాడుకలో మనము పేరా యనునది. ఒక పుట నిండినను ఖండిక ముగియదు. అందు చరిత్ర, వ్యాకరణము, భూగోళము, జనశ్రుతి ఒకదాని వెంట నొకటి సాగిపోవుచుండును. ఇట్టి ఖండికను చూచి 'విడగొట్టి వ్రాయుము' అని అంచున వ్రాయుట ఉపాధ్యాయులకు పరిపాటి. విద్యార్థి యామాట విని నాలుగేసి వాక్యముల కొకచోట పంక్తి తెంచి తెచ్చును. పుట చూచుటకు తేటపడును గాని వాదము తేటపడదు. దోషము పంక్తుల సంఖ్యలో లేకుండుటయే దీనికి కారణము.

దీర్ఘఖండికలోని అసలు దోషము వేఱు. ఒక ప్రతిజ్ఞకు చెందిన ప్రమాణబలము ప్రక్కనున్న మఱియొక ప్రతిజ్ఞకు సంక్రమించినట్లు అందు తోచును. బలమైన ప్రమాణము గల మాటయు, ఏ ప్రమాణమును లేని మాటయు ఒకే ఖండికలో నుండుటచే రెండును సమానముగ నిరూపితములైనట్లు చదువరి భ్రమపడును. చదువరికన్న ముందుగ రచయితయే భ్రమపడును. కావున ఖండికను విభజించుట అలంకారము కాదు, ప్రమాణపరీక్ష. ఈ సంగతిని ఒక ఉదాహరణముతో నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఒక విషయము, దానికి చెందిన ప్రమాణము ఒకచోట నుండవలెనను నియమము మనకు క్రొత్తది కాదు. పూర్వమీమాంసలో అధికరణమను విభాగమున్నది. విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి అను నైదంగములు గల ప్రతి అధికరణమును ఒక్క విషయమునే నిర్ణయించును. న్యాయశాస్త్రమున ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అను పంచావయవములు ఒక్క సాధ్యమును సాధించుటకే కలవు. సామినేని ముద్దునరసింహము నాయుడు తన 'హితసూచని' (1862) లోని వ్యాసములకు ప్రమేయములని పేరుపెట్టుట గమనింపదగినది. నిరూపింపవలసిన విషయమే వ్యాసమునకు ప్రాణమను భావము ఆ పేరులోనే యున్నది. ఇంగ్లీషున అలెగ్జాండరు బెయిను 1866లో ప్రకటించిన రచనాశాస్త్ర గ్రంథమున ఖండికకు ఏకత్వము నొక లక్షణముగ విధించెను. మనకు పంక్తి తెంచి వ్రాయు పద్ధతి అచ్చుతో వచ్చినను, అందలి న్యాయము అంతకు ముందే మన శాస్త్రములలో నున్నదనుటలో సందేహము లేదు.

ఇక ఉదాహరణము. తెనాలి సమీపముననున్న కొలకలూరు గ్రామముయొక్క పేరును గూర్చి, విద్యార్థులు వ్రాయు తీరున నేనే కూర్చిన ఖండిక నిది. తెలుగు వ్యాసమును గూర్చిన చర్చకు ఈ పేరు తగినదే. 'తెలుగు వ్యాస పరిణామము' అను పరిశోధన గ్రంథమును రచించినవారు కొలకలూరి ఇనాక్ గారు. 2018లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము నందుకొన్న వారి 'విమర్శిని' కూడ వ్యాససంపుటియే. పరీక్షకు సుకరముగ నుండుటకై వాక్యములకు సంఖ్యలు వేసితిని.

(1) కొలకలూరు గుంటూరు, తెనాలి పట్టణముల నడుమ రైలుమార్గముపై నున్న గ్రామము. (2) ఈ పేరు 'కొలను' అను పదమునుండి పుట్టినది. (3) ఈ ప్రాంతమంతయు కృష్ణా పశ్చిమ డెల్టాలోనిది. ఎటు చూచినను కాలువలును వరిచేలును కానవచ్చును. (4) 'ఊరు' అనునది గ్రామవాచకముగ తెలుగున మిక్కిలి వ్యాప్తి గలది. గుంటూరు, పొన్నూరు, వేమూరు, అమృతలూరు మొదలగునవి ఇందుకు సాక్ష్యము. (5) అందువలన కొలను గల ఊరు కొలకలూరైనది. (6) తెలంగాణమునందలి కొలనుపాకయు నిట్టిదే. (7) ఈ గ్రామమునుండియే 'కొలకలూరి' అను ఇంటిపేరు వచ్చినది. (8) కాలక్రమమున జనవ్యవహారములో 'ను' వర్ణము లోపించినది. (9) కనుక ఈ ప్రాంతపు గ్రామనామములన్నియు జలసంబంధము గలవని తేలుచున్నది.

ఒకసారి చదివినచో ఈ ఖండిక సాఫీగ సాగుచున్నట్లే యుండును. అసత్యమని వెంటనే త్రోసివేయదగిన వాక్యము తొలి యెనిమిదింటిలో కానరాదు. దోషము వాక్యములలో గాక వాని కూర్పులో నున్నది.

విభజనకు మొదటి మెట్టు, ప్రతి వాక్యమును ఏ ప్రశ్నకు సమాధానమో నిర్ణయించి దాని ప్రక్కన ఆ ప్రశ్నను వ్రాయుట. మొదటి వాక్యము 'గ్రామ మెక్కడ నున్నది?' అనుదానికి సమాధానము. నాల్గవది 'పేరులోని ఉత్తరపద మేది?' అనుదానికి. రెండు, ఐదు, ఎనిమిది వాక్యములు 'పూర్వపద మేది?' అనుదానికి. మూడవది 'నేల యెట్టిది?' అనుదానికి. ఆఱవది వేఱొక గ్రామనామమును గూర్చినది. ఏడవది ఇంటిపేరును గూర్చినది. తొమ్మిదవది ప్రాంతమంతటి పేర్లను గూర్చినది. తొమ్మిది వాక్యములలో ఏడు ప్రశ్నలు కలవని దీనివలన తేలినది.

రెండవ మెట్టు, ప్రతిజ్ఞలను ప్రమాణములనుండి వేఱుచేయుట. రెండవ వాక్యము ప్రతిజ్ఞ. ఐదవ వాక్యము 'అందువలన' అని మొదలగుటచే నిగమనమువలె కనబడుచున్నది గాని, అది రెండవ వాక్యమునే మఱియొక మాటలో చెప్పుచున్నది. 'అందువలన' అను మాట తీసివేసి చదివినచో ఈ సంగతి స్పష్టమగును. ఎనిమిదవ వాక్యమును ప్రమాణము కాదు. 'కొలను' మూలమని ముందే అంగీకరించినవారికి మాత్రమే 'ను' లోపించినదని చెప్పవలసిన యవసరము కలుగును. అనగా పూర్వపదమును గూర్చి మూడు వాక్యము లుండియు అవి మూడును ప్రతిజ్ఞలే. ఖండికలో వానికి బలమిచ్చుచున్నట్లు కనబడునది నాల్గవ వాక్యము. అది నిజముగ బలమైన సాక్ష్యమే, కాని 'ఊరు' అను ఉత్తరపదమునకు. ఆ బలము ప్రక్కనున్న 'కొలను' నకు చేరినట్లు తోచుటయే మొదట చెప్పిన సంక్రమణదోషము.

మూడవ మెట్టు, ప్రతిజ్ఞలను విడివిడిగ నిలిపి ఒక్కొక్కదానికి దాని ప్రమాణమును చూపుమని అడుగుట. ఇచ్చట 'ఒక ప్రతిజ్ఞయా, రెండా?' అను సందేహము కలిగినచో ఖండనమును యత్నించి చూడవలయును. ఒకదానిని కాదని రెండవదానిని అంగీకరించుట సాధ్యమైనచో అవి రెండు ప్రతిజ్ఞలు. 'ఊరు' ఉత్తరపదమని యొప్పుకొని 'కొలను' పూర్వపదము కాదనవచ్చును. కావున అవి రెండు వేర్వేఱు ఖండికలకు చెందినవి. 'కొలను' పూర్వపదమని చెప్పి 'ను' లోపించలేదనుటకు మాత్రము వీలులేదు. కావున ఆ రెండును ఒక ఖండికలోనే యుండవలయును.

ఇట్లు నిలిపినపుడు ఖండికలోని యొక్కొక్క మాట యెట్లు మారునో చూతము. 'కొలను' పూర్వపదమను ప్రతిజ్ఞ యొంటరిగ నిలిచినపుడు దానికి వ్యాకరణసమ్మతి కావలసివచ్చును. 'కొలను' నకు 'ఊరు' చేరినచో రావలసిన సహజరూపము కొలనూరు. పెద్దపల్లి జిల్లాలో కొలనూరు అను పేరుగల గ్రామ మున్నది. దాని వ్యుత్పత్తి వేఱుగ నిరూపింపవలసినదే యైనను, అట్టి రూపము గ్రామనామముగ నిలువగలదని యది చూపుచున్నది. కొలకలూరునకు 'కొలను గల ఊరు' మూలమన్నచో 'ను' లోపమును, 'గల' లోని గకారము కకారముగ నిలుచుటను రెండింటిని సమర్థింపవలయును. తొమ్మిది వాక్యముల నడుమ ఎనిమిదవదిగ ఇమిడియున్నంతకాలము ఈ బరువు రచయితకు తెలియలేదు.

ఇచ్చటనే విభజనవలన మఱియొక ప్రయోజనము కలుగుచున్నది. ఒక్క ప్రశ్నయే ఎదుట నున్నపుడు నిఘంటువును ఆ దృష్టితో చూచుటకు వీలగును. కొలను అను నర్థముననే 'కొలఁకు' అను పదము తెలుగున కలదు. దాని బహువచనము కొలఁకులు, సమాసమున కొలఁకుల. దీనికి 'ఊరు' చేర్చి అంత్యాకారమునకు సంధి చేసినచో కొలఁకులూరు అగును. అరసున్న వ్యవహారమున జాఱిపోవుట సర్వసామాన్యము. అప్పుడు కొలకులూరునకును కొలకలూరునకును గల భేదము ఒక్క అచ్చు మాత్రమే. 'ను' లోపమును ఊహింప నక్కఱలేదు. 'గల' శబ్దముతోను పనిలేదు. 'కు' వర్ణము 'క' యగుటకు మాత్రము సమాధానము చెప్పవలసియున్నది. ఇదియే సిద్ధాంతమని నేననుట లేదు. రెండు కల్పనలలో ఇది తక్కువ ఊహలతో నిలుచునని మాత్రమే నాయభిప్రాయము. ప్రాచీన శాసనములలోగాని వ్రాతపత్రములలోగాని గ్రామనామ మే రూపమున నున్నదో చూచువఱకు రెండును కల్పనలే.

కొలనుపాకను గూర్చిన ఆఱవ వాక్యము స్థితి మఱియు విచిత్రమైనది. అది 'కొలను' వాదమునకు సాక్షిగ తేబడినది. ప్రాచీన శాసనములలో ఆ గ్రామమునకు కొల్లిపాక యను పేరు కానవచ్చుచున్నది. అనగా నేటి పేరులోని 'కొలను' ఆదియందు లేక, అర్థవంతముగ నుండుటకై తరువాత జనవ్యవహారమున ఏర్పడియుండవచ్చును. కావున ఈ సాక్షి నేటి రూపమును నమ్మి వ్యుత్పత్తి చెప్పరాదని హెచ్చరించుచున్నది. పొడవైన ఖండికలో 'ఇట్టిదే' అను నొక్కమాటతో గడచిపోయిన సాక్షి, వేఱుగ నిలిపి ప్రశ్నించినపుడు ఎదిరిపక్షమునకు పోయినది.

నేలను గూర్చిన మూడవ వాక్యమునకు కాలము అడ్డువచ్చును. కాలువలును వరిచేలును నేడు కనబడుట నిజమే. అయితే కృష్ణకు బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియైనది 1855లో. డెల్టా కాలువల వ్యవస్థ దాని వెనుక వచ్చినది. అంతకుముందే గ్రామమున కీ పేరున్నచో, కాలువలను చూపి పేరునకు కారణము చెప్పుట కార్యమును కారణమునకు ముందుంచినట్లగును. కావలసిన ప్రమాణము ఆనకట్టకు పూర్వపు కొలను. కాలిన్ మెకంజీ (1754–1821) సేకరింపించిన గ్రామ కైఫియత్తులు ఆనకట్టకు ముందటివి. చెఱువులను, కుంటలను, పొలముల హద్దులను పేర్కొనుట వానిలో వాడుక. ఈ గ్రామమునకు గాని దాని పొరుగుగ్రామములకు గాని చెందిన కైఫియత్తులలో అట్టి ప్రస్తావన దొరకినచో మూడవ వాక్యము ప్రమాణమగును; లేనిచో వర్ణనగ మిగులును.

ఏడవ వాక్యములో రెండు ప్రతిజ్ఞలు కలసియున్నవి. 'కొలకలూరి' అనునది గ్రామనామముయొక్క ఔపవిభక్తిక రూపమనుట యొకటి. ఊరు ఊరి యగుటయే అందుకు చాలిన ప్రమాణము. ఆ యింటిపేరుగల కుటుంబములన్నియు ఈ గ్రామమునుండియే వెడలినవనుట రెండవది. అందుకు కుటుంబచరిత్రలు కావలయును, వ్యాకరణము చాలదు. రెండింటిలో నేదియు పేరుయొక్క వ్యుత్పత్తికి సాయపడదు. ఇట్టి వాక్యము మంచిదే యైనను ఈ ప్రకరణమునుండి తొలగింపవలసినదే. తొమ్మిదవ వాక్యముగూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. ఒక్క పేరే నిర్ణీతము కానపుడు పేర్లన్నిటిని గూర్చిన నిగమనము నిలువదు. పొన్నూరు, వేమూరు మొదలగు పేర్లను నాల్గవ వాక్యము 'ఊరు' కొఱకు మాత్రమే పేర్కొన్నది. వాని పూర్వపదములను పరీక్షింపనేలేదు.

ఇన్ని పరీక్షల తరువాత ఖండికను తిరిగి వ్రాసినచో ఈ క్రింది మూడు ఖండికలు మిగులును.

'కొలకలూరు అను పేరున ఉత్తరపదము ఊరు. గుంటూరు, పొన్నూరు, వేమూరు, అమృతలూరు అను పరిసర నామములందును ఇదియే కానవచ్చును. ఈ గ్రామనామమునుండి యేర్పడిన కొలకలూరి అను ఔపవిభక్తిక రూపము కూడ దీనినే బలపఱచును.

'పూర్వపదము జలాశయవాచకమై యుండవచ్చును. కొలను అను పదమునుండి సాధించుటకు ను వర్ణలోపమును ఊహింపవలయును. కొలఁకు అను పర్యాయపదముయొక్క బహువచనమునుండి సాధించుటకు ఒక్క అచ్చుయొక్క మార్పును మాత్రమే సమర్థింపవలయును. కావున రెండవది మేలైన కల్పన. అయినను కొల్లిపాక కొలనుపాక యైన తీరు చూడగా, ప్రాచీనరూపము దొరకనిదే నిర్ణయము తగదు.

'జలాశయవాచక మన్నచో ఆ జలాశయ మెక్కడ? నేటి కాలువలు 1855 తరువాతి వ్యవస్థకు చెందినవగుటచే సాక్ష్యము కావు. అంతకు పూర్వపు గ్రామలేఖలలో చెఱువుల, కుంటల ప్రస్తావనలను వెదకవలయును.'

ఈ మూడింటికి గల భేదము గమనింపదగినది. మొదటిది నిర్ణయము, రెండవది తారతమ్య విచారము, మూడవది వెదకవలసిన దానిని చెప్పు మాట. తొమ్మిది వాక్యముల ఖండికలో మూడును ఒకే నిశ్చయస్వరముతో పలికినవి. విడిపోయిన తరువాత ఒక్కొక్కటి తన ప్రమాణమునకు తగిన స్వరముతో పలుకుచున్నది. వరుసయు ఊరక ఏర్పడినది కాదు. ఉత్తరపదము తేలినగాని పూర్వపదము ఎచ్చట ముగియునో తెలియదు. పూర్వపదము జలాశయవాచకమని తోచినగాని జలాశయమును వెదకు పని లేదు. ఖండికలు ఈ విధముగ ఒకదానిపై నొకటి ఆధారపడియున్నపుడు 'అందువలన', 'కనుక' అను మాటలను అతికించి కూర్పవలసిన యవసరము లేదు. మూడవ ఖండిక ప్రశ్నతో మొదలగుటయే రెండవదానితో దానికి గల సంబంధమును తెలుపుచున్నది.

విభజనకు హద్దులును కలవు. ఒకే ప్రతిజ్ఞకు చెందిన నాలుగు ఉదాహరణములను నాలుగు ఖండికలు చేయుట తప్పు. పైని మొదటి ఖండికలో నాలుగు గ్రామనామములున్నను సాధ్యము ఒక్కటే; వానిని విడదీసినచో ఒక్కొక్కటి బలహీనమగును. ఒక వాదములోని మెట్లను విడదీయుటయు తగదు. కొలఁకు, కొలఁకుల, కొలఁకులూరు అను వరుసలో ఏ మెట్టును తక్కినవానిని విడచి నిలువదు. ఒక ప్రమాణము రెండు ప్రతిజ్ఞలకును పనికివచ్చుచో దానిని మొదటిచోట పూర్తిగ చెప్పి రెండవచోట సూచించిన చాలును. రెండుచోట్లను పూర్తిగ వ్రాసినచో ఒక్క సాక్షి యిద్దఱు సాక్షులవలె కనబడును. ఖండికలోని విషయమును ఒక్క వాక్యములో చెప్పుటకు యత్నించుట విద్యార్థికి సుకరమైన పరీక్ష. ఆ వాక్యమున 'మఱియు' లేక నడవకున్నచో విభజన ముగియలేదని యెఱుగవలయును. ఖండికకు వేఱుగ ప్రమాణము చూపజాలనిచో విభజన హద్దు దాటినదని యెఱుగవలయును.

ఈ నియమము పరిశోధన వ్యాసమునకే గాని వ్యాసములన్నింటికిని కాదు. పానుగంటి లక్ష్మీనరసింహారావు గారి 'సాక్షి' వ్యాసములలో ఉపన్యాసధోరణి ప్రవాహమువలె సాగును. అచ్చట మాటపై మాటగ పెరుగు వేగమే చదువరిని పట్టునది. దానిని ప్రతిజ్ఞలుగ ముక్కలు చేయుట రసభంగము. ఆ రచన చదువరిని ఆకర్షించి తన వెంట తీసికొనిపోవలయును. పరిశోధన వ్యాసము చదువరికి తన్ను కాదనుటకు వలయు అవకాశమును ఈయవలయును. మొదటిదానికి తగిన పొడవు రెండవదానికి దోషమగుట ఈ ప్రయోజనభేదమువలననే.

దీర్ఘఖండికను దిద్దు ఉపాధ్యాయుడు పంక్తి ఎచ్చట తెంపవలెనో చూపుటకన్న, వాక్యములకు సంఖ్యలు వేయించి ఒక్కొక్కదాని ప్రక్కన దాని ప్రశ్నను వ్రాయించుట మేలు. తెంపవలసిన చోట్లు అప్పుడు వానియంతట నవే కనబడును. ప్రమాణము లేని ప్రతిజ్ఞలును, ప్రతిజ్ఞ లేని ప్రమాణములును కూడ కనబడును. మన యుదాహరణములో తొమ్మిది వాక్యములనుండి నిర్ణయముగ మిగిలినది ఊరు అను నొక్క పదమే. మొదటి వ్రాతలో లేని కొలఁకు అను పదము మాత్రము విచారణకు వచ్చినది. ఏ కాలపు లేఖలను వెదకవలెనో కూడ తెలిసినది. కొలకలూరు పేరును గూర్చి ఇకమీద వ్రాయువారు కాలువలను వర్ణించుట మాని, 1855కు పూర్వపు లేఖలలో ఆ పేరు ఎట్లు వ్రాయబడినదో చూచుటతో తమ పనిని ప్రారంభింపవలసియుండును.